ఫోటోలో వచ్చిన ఇంగ్లీషు వర్క్‌షీట్: సిననిమ్స్, యాంటనిమ్స్, వన్ వర్డ్స్ బిట్లు తప్పు పోకుండా చేసే పద్ధతి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో రూములు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లల ఫోన్లు తెరిస్తే గ్యాలరీ నిండా కాగితాల ఫోటోలే ఉంటాయి. ఎవరి దగ్గరో ఉన్న మెటీరియల్‌ని ఒకరు జిరాక్స్ తీయిస్తారు. ఆ జిరాక్స్‌ని ఇంకొకరు ఫోటో తీస్తారు. ఆ ఫోటో నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరిగి చివరికి మన దగ్గరికి వస్తుంది. అలా వచ్చేవాటిలో ఇంగ్లీషు ఒకాబ్యులరీ షీట్లు చాలా ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్, అంటే ఎస్సెస్సీ, పెట్టే సీజీఎల్ పరీక్ష తొలి దశ టైర్-1లో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు ఉంటాయి. ఒకే అర్థం ఉన్న మాట, వ్యతిరేకార్థం ఉన్న మాట, ఒక వాక్యానికి బదులు ఒక్క మాట, ఈ మూడు రకాలూ ఆ సిలబస్‌లో ఉన్నవే.

ఈ బిట్లు చేయడానికి చాలామంది పట్టే దారి ఒకటే. ప్రతి ఇంగ్లీషు మాట పక్కన తెలుగు అర్థం రాస్తారు, ఆ అర్థానికి దగ్గరగా ఉన్న ఆప్షన్‌కి టిక్ పెడతారు. తెలుగు అర్థం రాసుకోవడం మంచి పనే, నేనూ రాయమనే చెప్తాను. కానీ అది సగం దూరమే తీసుకెళ్తుంది. ప్రశ్న తయారుచేసినవాళ్లు కావాలనే ఒకే తెలుగు అర్థానికి సరిపోయే ఆప్షన్లు రెండు పెడతారు. ఆ రెండింట్లో ఏది అనేది వాక్యమే తేల్చాలి. తెనాలి నుంచి రైల్లో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి ఈ మధ్య నాకు ఇలాంటి షీట్ ఒకటి చూపించింది. పన్నెండు బిట్లు ఉన్నాయి. అందులో గట్టివి తీసుకుని మొదటినుంచి ఎలా చేయాలో చెప్తాను.

మొదటి మెట్టు: ఫోటో బాగుచేసుకోవడం

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో నాణ్యత తగ్గి వస్తుంది. చిన్న అక్షరాల కాగితానికి ఆ తగ్గుదలే ప్రాణాంతకం. పంపినవాళ్లని అదే ఫోటోని డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమని అడగండి, అసలు నాణ్యతతో వస్తుంది. మీరే ఫోటో తీస్తుంటే కాగితాన్ని బల్లమీద పరిచి, కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫోన్ నీడ కాగితం మీద పడకుండా నిటారుగా పైనుంచి తీయండి. పేజీ పైనున్న సూచన వాక్యం, కుడి అంచున ఉన్న నాలుగో ఆప్షన్ రెండూ ఫ్రేములోకి వచ్చాయో లేదో చూసుకోండి. ఎక్కువగా తెగిపోయేవి ఆ రెండే.

తర్వాత అక్షరాల సంగతి. మసక ఫోటోలో ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటే ఎమ్‌లా కనిపిస్తాయి. సీ, ఎల్ కలిస్తే డీ అయిపోతుంది. ఆ అమ్మాయి షీట్‌లో ‘ఏన్షియంట్’కి వ్యతిరేక పదం అడిగారు. ఆమె నన్ను అడిగింది:

“సార్, ఇక్కడ మోడెమ్ అని ఉంది. అది ఇంటర్నెట్ డబ్బా కదా, ఈ బిట్‌లో ఎందుకు పెట్టారు?”

“అది మోడెమ్ కాదమ్మా, మోడర్న్. కొంచెం పెద్దది చేసి చూడు.”

పెద్దది చేసి ఎలా చూడాలంటే, అదే పేజీలో అనుమానం లేని ఎమ్ ఒకటి వెతకండి. ‘మెనీ’ లాంటి మాటలో దొరుకుతుంది. నిజమైన ఎమ్‌కి రెండు వంపులూ ఒకే వెడల్పులో ఉంటాయి, మధ్య కాలు రెండింటినీ కలుపుతుంది. ఆర్, ఎన్ అయితే ఆర్ కొక్కెం తర్వాత సన్నటి తెల్ల గీతలాంటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కూడా పూడిపోయి ఉంటే మిగతా ఆప్షన్లతో పోల్చండి. ‘ఓల్డ్, ఆంటీక్, హిస్టారిక్’ మధ్యలో మోడెమ్‌కి పనేం లేదు. ఇలాగే ‘లూసిడ్’ అనే మాటకి ఆప్షన్లలో ‘డియర్’ అని కనబడింది. అది ‘క్లియర్’. జవాబు కూడా అదే.

ఒక్కోసారి జిరాక్స్‌లో మాట కింద గీత చెరిగిపోతుంది. వాక్యం ఉంటుంది, ఏ మాట అర్థం అడిగారో తెలియదు. అప్పుడు ఆప్షన్లు చూడండి. నాలుగూ విశేషణాలైతే అడిగింది వాక్యంలోని విశేషణం, నాలుగూ క్రియలైతే క్రియ. వాక్యంలో ఆ రకం మాట ఒక్కటే ఉంటే పని అయిపోయినట్టే.

సూచన వాక్యమే తెగిపోతే మాత్రం ఊహించి చేయొద్దు. సిననిమ్స్ బిట్‌లో ఒక ఆప్షన్ వ్యతిరేక పదం, యాంటనిమ్స్ బిట్‌లో ఒక ఆప్షన్ సమానార్థకం పెట్టడం మామూలు. కాబట్టి ఆప్షన్లు చూసి ఇది ఏ విభాగమో చెప్పలేం. పైభాగం మళ్లీ ఫోటో తీసి పంపమనడమే మార్గం.

ఇదంతా అయ్యాక బిట్లను చేత్తో ఒక కాగితం మీదికి ఎక్కించండి. స్క్రీన్ మీద జరుపుకుంటూ చేస్తే వాక్యం ఒకచోట, ఆప్షన్లు ఒకచోట ఉండిపోతాయి. రెండూ ఒకేసారి కంటికి కనబడాలి.

రెండో మెట్టు: సిననిమ్స్

షీట్‌లో నాకు బాగా నచ్చిన బిట్ ఇది. ‘ఈవెన్ ఆఫ్టర్ ఎ గుడ్ క్రాప్, ది ఫార్మర్ లెడ్ ఎ ఫ్రూగల్ లైఫ్.’ ఫ్రూగల్ కింద గీత ఉంది. ఆప్షన్లు నాలుగు: మైజర్లీ, థ్రిఫ్టీ, పూర్, గ్రీడీ.

ఆ అమ్మాయి ఫ్రూగల్ పక్కన ‘డబ్బు ఎక్కువ ఖర్చు పెట్టని’ అని రాసుకుని మైజర్లీకి టిక్ పెట్టింది. ఆమె రాసుకున్న అర్థం తప్పేమీ కాదు. కానీ ఆ అర్థం మైజర్లీకీ, థ్రిఫ్టీకీ రెండింటికీ సరిపోతుంది.

ఇక్కడ చూడాల్సింది, ఆ మాట మనిషిని మెచ్చుకుంటోందా, తిడుతోందా అని. మిర్చి యార్డులో సరుకు మంచి ధరకు అమ్ముకున్న రైతుని ఒకరిని అనుకోండి. పిల్లల ఫీజుకీ, విత్తనాలకీ వెనకాడడు, ఆడంబరానికి మాత్రం రూపాయి తీయడు. ఇతను ఫ్రూగల్, థ్రిఫ్టీ. అంతే డబ్బు ఉండి కూడా ఇంట్లో మనిషికి మందులు కొనడానికి చెయ్యి రానివాడు మైజర్లీ. మన భాషలోనూ ఈ తేడా స్పష్టంగానే ఉంది: మొదటివాడు పొదుపరి, రెండోవాడు పిసినారి. గౌరవించే మనిషిని ఎదురుగా పిసినారి అనం. అందుకే తెలుగు అర్థం వాక్యంలా కాకుండా, వీలైనప్పుడు అలాంటి ఒక్క మాటలో రాసుకోమంటాను. ‘ఖర్చు పెట్టని’ అని రాస్తే తేడా మాయమవుతుంది. ‘పొదుపరి’ అని రాస్తే తేడా కూడా అందులోనే ఉంటుంది.

మిగతా రెండూ తేలిగ్గా పోతాయి. పంట బాగా పండిందని వాక్యమే చెప్తోంది కాబట్టి పూర్ కుదరదు. గ్రీడీ అంటే ఇంకా కావాలనే యావ, ఖర్చు తగ్గించుకోవడానికీ దానికీ సంబంధం లేదు. జవాబు థ్రిఫ్టీ.

రెండో పరీక్ష రూపం. ‘హి వాజ్ రిలక్టెంట్ టు సైన్ ది పేపర్.’ ఆప్షన్లు: రిఫ్యూజ్డ్, అన్‌విల్లింగ్, లేట్, అఫ్రెయిడ్. ఒక్కో ఆప్షన్‌ని రిలక్టెంట్ చోట పెట్టి వాక్యం మొత్తం పైకి చదవండి. ‘హి వాజ్ రిఫ్యూజ్డ్ టు సైన్’ అనగానే వాక్యం విరిగిపోతుంది, ఎందుకంటే అక్కడ కావాల్సింది విశేషణం. అర్థం కూడా సరిపోదు. రిలక్టెంట్‌గా ఉన్నవాడు గునుస్తూనైనా చివరికి సంతకం పెట్టొచ్చు, రిఫ్యూజ్ చేసినవాడు పెట్టనే పెట్టడు. అంటే మోతాదు మారిపోయింది. భయపడేవాడికి కూడా ఇష్టం లేకపోవచ్చు గానీ, ఇష్టం లేని ప్రతివాడూ భయపడుతున్నట్టు కాదు. కాబట్టి అఫ్రెయిడ్ కూడా పోతుంది. జవాబు అన్‌విల్లింగ్.

మెచ్చుకోలా తిట్టా, రూపం కుదిరిందా, మోతాదు సరిపోయిందా, ఈ మూడూ చూస్తే ఇద్దరు పోటీదారుల్లో ఒకరు తప్పకుండా పడిపోతారు.

వాక్యం లేకుండా మాట ఒక్కటే ఇస్తే మీరే ఒక చిన్న వాక్యం కట్టుకోండి. షీట్‌లో ‘క్యాండిడ్’ అలాగే వచ్చింది. ఆప్షన్లు రూడ్, ఫ్రాంక్, సీక్రెట్, స్వీట్. ముక్కుసూటిగా మాట్లాడేవాళ్లు ఒక్కోసారి మోటుగా అనిపిస్తారు కాబట్టి రూడ్ వైపు చెయ్యి పోతుంది. కానీ ‘ఆమె క్యాండిడ్‌గా జవాబిచ్చింది’ అనుకుంటే అక్కడ దాపరికం లేకపోవడమే విషయం, మర్యాద గురించి మాటే లేదు. లాటిన్‌లో ఈ మాటకి మూలం ‘తెల్లని’ అని. ప్రాచీన రోమ్‌లో పదవులకు పోటీచేసేవాళ్లు తెల్లగా మెరిసే వస్త్రం వేసుకునేవాళ్లు, ‘క్యాండిడేట్’ కూడా అక్కడినుంచి వచ్చిందే. పోటీ పరీక్షల క్యాండిడేట్లు ఈ మాటని మర్చిపోరు. జవాబు ఫ్రాంక్.

ఒక హెచ్చరిక. తెలుగులో రోజూ వాడే ఇంగ్లీషు మాటలే ఈ బిట్లలో ముంచుతాయి. మనం ‘సార్, ఒక డౌటు’ అన్నప్పుడు మన ఉద్దేశం ప్రశ్న. కానీ ‘డౌట్’కి సమానార్థకం అడిగి ఆప్షన్లలో క్వశ్చన్, అన్‌సర్టెన్టీ రెండూ ఉంటే, నామవాచకంగా దాని అర్థం అనిశ్చితి, సందేహం. ‘వాడు ఫీలయ్యాడు’ అంటే మనకి నొచ్చుకున్నాడని. ఇంగ్లీషులో ఫీల్ అంటే ఏ అనుభూతైనా సరే. బాగా తెలిసిన మాట కనబడినప్పుడే డిక్షనరీ తెరవాలి, తెలియని మాటకి ఎలాగూ తెరుస్తాం.

మూడో మెట్టు: యాంటనిమ్స్

వ్యతిరేక పదం అంటే వేరే మాట కాదు, అదే కొలత మీద అవతలి కొసన ఉన్న మాట. హాట్‌కి కోల్డ్, వార్మ్‌కి కూల్. హాట్‌కి కూల్ పెడితే దిశ కుదిరింది గానీ దూరం కుదరలేదు.

షీట్‌లో ‘ట్రాన్స్‌పరెంట్’ ఇచ్చారు. ఆప్షన్లలో ట్రాన్స్‌లూసెంట్, ఓపేక్, విజిబుల్, క్లియర్. కిటికీ అద్దం ట్రాన్స్‌పరెంట్, అవతలి మనిషి మొహం కనిపిస్తుంది. స్నానాల గది వెంటిలేటర్‌కి పెట్టే గరుకు అద్దం ట్రాన్స్‌లూసెంట్, వెలుతురు వస్తుంది గానీ మొహం కనబడదు. చెక్క తలుపు ఓపేక్, వెలుతురు కూడా రాదు. అడిగింది అవతలి కొస కాబట్టి ఓపేక్. మధ్యలో ఆగిపోయే మాటని ఆప్షన్‌గా పెట్టడం ఈ విభాగంలో అన్నిటికంటే తరచుగా వేసే ఎత్తు. ఆప్షన్లను ఒక గీత మీద వరసగా పేర్చి చూస్తే అది దొరికిపోతుంది.

‘మెటల్స్ ఎక్స్‌పాండ్ ఆన్ హీటింగ్’ అనే వాక్యంలో ఎక్స్‌పాండ్‌కి వ్యతిరేకం అడిగారు. స్మాల్, నారో రెండూ విశేషణాలు, రూపం దగ్గరే పోయాయి. మిగిలినవి రెడ్యూస్, కాంట్రాక్ట్. కాంట్రాక్ట్ అనగానే మన పిల్లలకి రోడ్డు పనుల కాంట్రాక్టరు గుర్తొస్తాడు, అందుకని దాన్ని ముందే కొట్టేస్తారు. ఇక్కడ అది క్రియ, కుంచించుకుపోవడం అని అర్థం. పలికేటప్పుడు రెండో భాగం మీద ఒత్తు పడుతుంది. రెడ్యూస్ అనేది సాధారణంగా ఒకరు ఇంకొకదాన్ని తగ్గించడం: ధర తగ్గించారు, బరువు తగ్గించారు. లోహం తనంతట తాను సంకోచించడానికి కాంట్రాక్టే సరైన మాట.

ఇక ముందు చేరే ముక్కల సంగతి. ‘ఇన్’, ‘అన్’, ‘డిస్’ చేరితే వ్యతిరేకం అవుతుందని చిన్నప్పుడు నేర్చుకుంటాం. చాలాసార్లు నిజమే. కానీ పరీక్షల్లో అడిగేది ఆ లెక్క తప్పే మాటల్నే.

షీట్‌లో ‘ఇన్‌ఫ్లేమబుల్’కి వ్యతిరేకం అడిగి, ఆప్షన్లలో ఫ్లేమబుల్, నాన్-ఫ్లేమబుల్ రెండూ పెట్టారు. ఇన్ తీసేస్తే వ్యతిరేకం వస్తుందనుకుని ఫ్లేమబుల్ పెట్టేవాళ్లే ఎక్కువ. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే హైవే మీద పెట్రోలు ట్యాంకర్ల వెనక చూడండి, ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్రగా రాసి ఉంటుంది. అంటుకోనిదైతే ఆ హెచ్చరిక ఎందుకు? ఈ ఇన్‌కి ‘కాదు’ అనే అర్థం లేదు, ‘లోనికి’ అని అర్థం. ‘ఇన్‌ఫ్లేమ్’ అంటే మంట అంటించడం, దాన్నుంచి ఇన్‌ఫ్లేమబుల్. కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్, ఫ్లేమబుల్ రెండూ ఒకటే. వ్యతిరేకం నాన్-ఫ్లేమబుల్.

‘ఇన్‌వాల్యుబుల్’ దారి వేరు. అందులో ఇన్‌కి ‘కాదు’ అనే అర్థమే. అయినా విలువ లేనిదని కాదు, వెల కట్టలేనిదని. మన ‘అమూల్యం’ కూడా సరిగ్గా ఇలాగే తయారైంది, దాన్ని పనికిరానిదని ఎవరూ అనుకోరు. దీనికి వ్యతిరేకం వర్త్‌లెస్. ‘డిజింటరెస్టెడ్’ ఇంకొకటి. పరీక్షల్లో దాన్ని అడిగేది ఎక్కువగా ‘స్వప్రయోజనం చూసుకోని, నిష్పక్షపాతమైన’ అనే అర్థంలో. తీర్పరికి ఉండాల్సిన గుణం అది. ఆసక్తి లేకపోవడానికి ‘అన్ఇంటరెస్టెడ్’ అనే మాట వేరే ఉంది. డిజింటరెస్టెడ్‌కి వ్యతిరేకం బయస్డ్.

ఇలాంటివాటిని గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. ముందున్న ముక్క తీసేసి, మిగిలినదానికి ‘కాదు’ చేర్చి, ఆ అర్థాన్ని మీకు తెలిసిన వాక్యంలో పెట్టండి. ‘హర్ హెల్ప్ వాజ్ ఇన్‌వాల్యుబుల్’ అంటే ‘ఆమె సాయం విలువైనది కాదు’ అని వస్తుంది. సాయం చేసిన మనిషి గురించి ఎవరూ అలా రాయరు. వాక్యం అసంబద్ధంగా వచ్చిందంటే అది లెక్క తప్పే మాట అన్నమాట.

నాలుగో మెట్టు: వన్ వర్డ్స్

ఇక్కడ జవాబు సగం ప్రశ్న మొదటి రెండు మూడు మాటల్లోనే ఉంటుంది. ‘ఎ పర్సన్ హూ’ అని మొదలైతే జవాబు మనిషి పేరు. ‘ది స్టడీ ఆఫ్’ అయితే శాస్త్రం. ‘దట్ విచ్ కెనాట్ బి’ అయితే చివర బుల్ అని పలికే విశేషణం రావడం ఎక్కువ. పిల్లల వైద్యుణ్ని అడిగితే పీడియాట్రిషియన్, పిల్లల వైద్యాన్ని అడిగితే పీడియాట్రిక్స్. రెండూ ఆప్షన్లలో ఉంటాయి. ప్రశ్న పూర్తిగా చదవనివాళ్లు అక్కడే మార్కు పోగొట్టుకుంటారు.

తర్వాత మాటని ముక్కలు చేయాలి. గుంటూరులో ఉన్నవాళ్లకి దీనికి ఉచిత పాఠశాల కొత్తపేట ఆసుపత్రుల బోర్డులే. గైనకాలజిస్ట్‌లో ‘గైన్’ అంటే స్త్రీ. డెర్మటాలజిస్ట్‌లో ‘డెర్మ’ చర్మం. కార్డియాలజిస్ట్‌లో ‘కార్డి’ గుండె. అనస్థీషియాలో మొదటి ‘అన్’ లేకపోవడం, మిగతాది స్పర్శ. పీడియాట్రిషియన్, సైకియాట్రిస్ట్ రెండింట్లోనూ వినబడే ‘యాట్ర్’ గ్రీకులో వైద్యుడు అనే మాటనుంచి వచ్చింది. ఇక్కడ నేర్చుకున్న ముక్క ఇంకోచోట అక్కరకొస్తుంది.

షీట్‌లో వచ్చిన బిట్‌తో చూపిస్తాను. ‘ఎ పర్సన్ హూ హేట్స్ మ్యారేజ్.’ ఆప్షన్లు: మిసాంత్రోప్, మిసోజినిస్ట్, మిసోగమిస్ట్, ఫిలాంత్రపిస్ట్. మొదటి మూడింట్లోనూ ‘మిస్’ ఉంది, గ్రీకులో ద్వేషం. ఫిలాంత్రపిస్ట్‌లో ‘ఫిల్’ ప్రేమ, అది పోయింది. ఇక తేల్చాల్సింది ద్వేషం దేనిమీద అని. ‘ఆంత్రోప్’ అంటే మనిషి, ఆంత్రోపాలజీలో ఉన్నదే. ‘జిన్’ గైనకాలజిస్ట్‌లోని స్త్రీయే. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండుచోట్లా జీ, వై, ఎన్ కనబడతాయి, పలకడం మాత్రం మారింది. ‘గమ్’ అంటే పెళ్లి. మోనోగమీ, పాలిగమీల్లో ఉన్నదదే. జవాబు మిసోగమిస్ట్. చూడండి, ఈ బిట్‌లో అడిగిన మాట ఇంతకుముందు ఒక్కసారి కూడా వినకపోయినా జవాబు దొరికింది.

‘ఓమ్ని’తో వచ్చేవి మనకి ఇంకా తేలిక. ఓమ్ని అంటే సర్వ. ఓమ్నిషియంట్ సర్వజ్ఞుడు, ఓమ్నిపొటెంట్ సర్వశక్తిమంతుడు, ఓమ్నిప్రెజెంట్ సర్వాంతర్యామి. మొదటిదాంట్లో ‘సైన్స్’ ఉంది, తెలుసుకోవడం. అది గుర్తుంటే మూడూ కలగాపులగం కావు.

ఇంకో బిట్: ‘హ్యాండ్‌రైటింగ్ దట్ కెనాట్ బి రెడ్.’ ఆప్షన్లు: ఇనెలిజిబుల్, ఇల్లిజిబుల్, ఇల్లిటరేట్, ఇల్లాజికల్. మసక ఫోటోలో మొదటి రెండూ కవలల్లా ఉంటాయి. అక్షరాలు ఒక్కొక్కటే చదవండి. ఐ తర్వాత రెండు ఎల్‌లు ఉంటే ఇల్లిజిబుల్, చదవడానికి రాని రాత. ఐ తర్వాత ఎన్, ఈ, ఎల్ వస్తే ఇనెలిజిబుల్, అర్హత లేని మనిషి. అసలు ఇల్లిజిబుల్‌లో మొదటి ముక్క కూడా ‘ఇన్’నే. తర్వాత ఎల్ వస్తే ఇల్, ఆర్ వస్తే ఇర్, ఎమ్ గానీ పీ గానీ వస్తే ఇమ్ అవుతుంది: ఇల్లీగల్, ఇర్రెగ్యులర్, ఇంపాజిబుల్. సంధి చదువుకున్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు.

ముక్కలు చేయడానికి ఒక హద్దు ఉంది. ‘పెడ్’ కనబడిన ప్రతిచోటా పిల్లలు కాదు. పీడియాట్రిషియన్‌లోది గ్రీకు మాట, బిడ్డ. పెడెస్ట్రియన్‌లోది లాటిన్ మాట, పాదం. అతను రోడ్డు మీద నడిచి వెళ్లేవాడు. ఇంకా విచిత్రం మ్యాట్రిమొనీ, ప్యాట్రిమొనీ. ‘మేటర్’ తల్లి, ‘పేటర్’ తండ్రి, చివరి భాగం రెండింటికీ ఒకటే. అయినా మొదటిది వివాహం, రెండోది తండ్రి తరఫున వచ్చే ఆస్తి. ముక్కలు చూసి ఊహిస్తే ఇక్కడ బోల్తా పడతాం. కాబట్టి ముక్కలతో జవాబు రాబట్టినా, షీట్ అయిపోయాక ఆ మాటని డిక్షనరీలో ఒకసారి చూసి తీరాలి. డిక్షనరీ అంటే నా ఉద్దేశం నేర్చుకునేవాళ్ల కోసం రాసిన లెర్నర్స్ డిక్షనరీ. ప్రతి అర్థానికీ అందులో ఉదాహరణ వాక్యం ఉంటుంది, మనకి కావాల్సింది ఆ వాక్యమే.

అయిదో మెట్టు: గుర్తులు, నోటు పుస్తకం

చేసేటప్పుడే ప్రతి బిట్ పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి. కచ్చితంగా తెలిసినదానికి టిక్, రెండు ఆప్షన్ల మధ్య ఊగి ఒకటి ఎంచుకున్నదానికి చుక్క, ఏమీ తెలియకుండా పెట్టినదానికి సున్న. సీజీఎల్ టైర్-1లో సరైన జవాబుకి 2 మార్కులు, తప్పుకి 0.50 కోత. రెండు ఆప్షన్ల దాకా తగ్గించాక పెడితే సగటున లాభమే, వదిలేయొద్దు.

నోటు పుస్తకంలోకి ఎక్కించాల్సింది చుక్క పెట్టినవాటినే. టిక్ పెట్టినవి వచ్చినవే కదా. ఎక్కించేటప్పుడు జవాబు ఒక్కటే రాస్తే లాభం లేదు. ఓడిపోయిన ఆప్షన్ ఎందుకు ఓడిందో కూడా రాయాలి. ఆ అమ్మాయి ఫ్రూగల్‌కి ఇలా రాసుకుంది: ‘థ్రిఫ్టీ పొదుపరి, మెచ్చుకోలు. మైజర్లీ పిసినారి, తిట్టు. పంట పండిన రైతు.’ ఆ చిన్న ముక్క చాలు, వాక్యం మొత్తం గుర్తొచ్చేస్తుంది.

కీతో సరిచూసుకోవడం

కీ కూడా ఫోటోగానే వస్తుంది, కాబట్టి దాన్నీ అనుమానించాలి. ఒక బిట్ నుంచి మొదలై వరసగా అన్నీ తప్పులే వస్తుంటే మీ జవాబుల్ని ఒక సంఖ్య ముందుకో వెనక్కో జరిపి చూడండి. షీట్‌లో ఒక బిట్ తెగిపోయి ఉంటే కీ అలా జారుతుంది. అక్కడక్కడా చెదురుమదురుగా అన్నిచోట్లా తేడా వస్తుంటే అది వేరే సెట్ కీ అయ్యుండొచ్చు, పైన ఏ సిరీస్ అని రాసి ఉందో చూడండి.

ఒక్క బిట్ దగ్గరే కీకీ మీకూ తగువు వస్తే ప్రశ్న మాటల్ని మళ్లీ చదవండి. మన షీట్‌లో ‘ఎ పర్సన్ హూ నోస్ మెనీ లాంగ్వేజెస్’కి కీలో లింగ్విస్ట్ అని ఉంది, అమ్మాయి పాలిగ్లాట్ పెట్టింది. డిక్షనరీల్లో లింగ్విస్ట్‌కి రెండు అర్థాలు ఉంటాయి: చాలా భాషలు బాగా వచ్చినవాడు, భాషాశాస్త్రం చదివినవాడు. పాలిగ్లాట్‌కి ఆ మొదటి అర్థం ఒక్కటే. రెండూ ఆప్షన్లలో ఉన్నప్పుడు ప్రశ్నకి అటూ ఇటూ కాకుండా సరిపోయేది పాలిగ్లాట్, నేను ఆమె జవాబుకే మార్కు వేశాను. ఇంటి షీట్‌లో ఇంతటితో సరిపోతుంది. అసలు పరీక్షలో ఇలా జరిగితే, ఎస్సెస్సీ తుది కీకి ముందు తాత్కాలిక కీ పెట్టి, ఫీజు తీసుకుని, ప్రశ్నవారీగా అభ్యంతరాలు స్వీకరిస్తుంది. అభ్యంతరం రాసేటప్పుడు ‘నా జవాబే కరెక్ట్’ అంటే సరిపోదు. డిక్షనరీలో రెండు మాటల నిర్వచనాలూ పక్కపక్కన పెట్టి, ప్రశ్నలోని ఏ మాటకి ఏ నిర్వచనం సరిపోతోందో చూపించాలి.